కాలదోషం (చట్టం)

'''కాలదోషం''' అనగా ఒక హక్కును కోర్టు ద్వారా సాధించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు దాటిపోవడం. గడువు దాటిన ప్రోనోటును, దస్తావేజును "కాలదోషం పట్టింది" అని అంటారు. ఈ గడువులను భారతదేశంలో 1963 నాటి కాలపరిమితి చట్టం (1963లోని 36వ చట్టం) నిర్ణయిస్తుంది. లిమిటేషన్ చట్టం అన్న పేరే వాడుకలో ఎక్కువ. ఇది 1964 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. గడువు దాటిన దావా ఎంత న్యాయమైనదైనా, బాకీ నిజమేనని ఊరంతా ఎరిగినదైనా, కోర్టు దానిని కొట్టివేయవలసినదే.

ఈ వ్యాసంలో గోదావరి డెల్టా గ్రామాలలో ఎక్కువగా కనిపించే ప్రోనోటు బాకీని ముఖ్య ఉదాహరణగా తీసుకొని కాలపరిమితి ఎలా నడుస్తుందో వివరించబడింది. భూములకు వర్తించే నియమం దీనికి కొంత భిన్నమైనది కనుక దానిని విడిగా చెప్పడమైనది.

== పుట్టుక ==

గడువు దాటితే హక్కు పోతుందన్న ఆలోచన ఆంగ్లేయులతో వచ్చినది కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో, తన భూమిని ఇతరులు అనుభవిస్తుండగా చూస్తూ ఇరవై ఏండ్లు ఊరకున్నవాడు దానిని కోల్పోతాడనీ, ధనం విషయంలో ఈ గడువు పదేండ్లనీ చెప్పబడింది. "చూస్తూ ఊరకుండడం" అన్న షరతు గమనించదగినది. నేటి చట్టం కూడా చాలావరకు ఈ మాట మీదనే నడుస్తున్నది.

కంపెనీ పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీకి 1802 నాటి 2వ రెగ్యులేషను పన్నెండేండ్ల గడువును పెట్టింది. మొగల్తూరుతో సహా గోదావరి ప్రాంతం అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనిదే. తరువాత 1859లో 14వ చట్టం బ్రిటిషు ఇండియాకు ఒకే విధమైన గడువులను తెచ్చింది. దాని స్థానంలో 1871, 1877, 1908 సంవత్సరాలలో కొత్త చట్టాలు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం లా కమిషను తన మూడవ నివేదిక (1956)లో చేసిన సూచనల మీద ప్రస్తుత చట్టం తయారయినది.

గడువు పెట్టడానికి చెప్పే కారణం సాక్ష్యం. పల్లెలో ప్రోనోటు రాసిన దస్తూరీదారు, సాక్షి సంతకం చేసిన పెద్దమనిషి పదిహేనేండ్ల తరువాత బ్రతికి ఉంటారో లేదో తెలియదు. బాకీ తీర్చినవాడు రసీదును ఎంతకాలం దాచుకోగలడు? గడువే లేకపోతే, తాత తీర్చేసిన అప్పుకు మనుమడు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

== ప్రోనోటు బాకీ: ఒక ఉదాహరణ ==

మొగల్తూరులో ఒకాయన, రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్న పరిచయస్తునికి మేత ఖర్చుల నిమిత్తం 2,00,000 రూపాయలు అప్పు ఇచ్చాడనుకుందాం. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. 2022 జూన్ 12న ప్రోనోటు రాయించుకున్నాడు. అందులో "మీరు కోరినప్పుడు అసలు, వడ్డీ చెల్లించగలవాడను" అని ఉంది. ఇక్కడివారు రాయించుకునే ప్రోనోట్లలో చాలావాటిలో ఉండేది ఈ వాక్యమే.

మొదటి పొరపాటు ఈ వాక్యం దగ్గరే జరుగుతుంది. "కోరినప్పుడు" అని ఉన్నది కనుక, తాను అడిగిన రోజు నుండి గడువు మొదలవుతుందని అప్పు ఇచ్చినవారు అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. కోరిన వెంటనే చెల్లించవలసిన ప్రోనోటుకు చట్టపు షెడ్యూలులోని 35వ ఆర్టికల్ ప్రకారం గడువు మూడేండ్లు, అదీ ప్రోనోటు తేదీ నుండి. కోరినప్పుడు ఇవ్వవలసిన అప్పును రాసిన క్షణం నుండే అడగవచ్చు గనుక, గడియారం కూడా అప్పుడే మొదలవుతుందన్నది దీనిలోని తర్కం. ప్రోనోటు లేకుండా చేబదులుగా ఇచ్చిన సొమ్ముకు కూడా గడువు మూడేండ్లే. అది సొమ్ము ఇచ్చిన రోజు నుండి మొదలవుతుంది.

లెక్కించేటప్పుడు మొదటి రోజును వదలివేయాలి (12వ సెక్షన్). కాబట్టి పై ప్రోనోటు మీద దావా వేయడానికి చివరి రోజు 2025 జూన్ 12. ఆ రోజు కోర్టుకు సెలవైతే, తిరిగి తెరచిన రోజున దావా వేయవచ్చు (4వ సెక్షన్). వేసవి సెలవులలో గడువు ముగిసే ప్రోనోట్ల విషయంలో ఇది పనికివస్తుంది. మొగల్తూరు వారికి దగ్గరలో సివిలు కోర్టులున్న పట్టణం నరసాపురం. సెలవుల తరువాత కోర్టు తెరిచే తేదీని ముందుగానే తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఈ వెసులుబాటు ఆ ఒక్క రోజుకే.

ఇప్పుడు మన ఉదాహరణలో ఏమి జరిగిందో చూద్దాం. మొదటి ఏడు చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలింది. "వచ్చే పంటకు ఇస్తాను" అన్నాడు బాకీదారు. రెండవ ఏడు ధర పడిపోయింది. ఇద్దరికీ మాట పట్టింపు లేదు, మనస్పర్ధ లేదు. 2025 మే నెలలో అప్పు ఇచ్చినాయన వకీలు ద్వారా రిజిస్టర్డు నోటీసు పంపాడు. దానికి జవాబు రాలేదు. జూన్ 27న దావా వేశాడు. అప్పటికి మూడేండ్ల వడ్డీ 1,44,000 రూపాయలు కలుపుకొని రావలసిన మొత్తం 3,44,000 పైమాటే. దావా పదిహేను రోజులు ఆలస్యమైనది. అది నిలువదు.

నోటీసు పంపడం వలన గడువు ఒక్కరోజు కూడా పెరగదన్నది చాలామందికి తెలియని విషయం. నోటీసు అప్పు ఇచ్చినవాని మాట. గడువును పొడిగించగలిగేది బాకీదారు చేసే పని మాత్రమే. నోటి మాటగా అతడు ఎన్నిసార్లు "ఇస్తాను" అన్నా, పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నా, కాగితం మీద సంతకం లేకపోతే దానికీ విలువ లేదు.

బాకీదారు కోర్టులో కాలదోషం మాట ఎత్తకపోతే ఏమవుతుంది? అప్పుడు కూడా ఫలితం అదే. 3వ సెక్షన్ ప్రకారం ప్రతివాది ఆ వాదన చేయకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు తనంతట తాను కొట్టివేయాలి. గడువు దాటిన సంగతి దావా కాగితాల లోనుండే కనబడుతుంటే, విచారణ దాకా పోకుండానే సివిలు ప్రొసీజరు కోడ్ 7వ ఆర్డరు 11వ రూలు కింద దావాను తిరస్కరించవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని కోరే 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకు మాత్రమే వర్తిస్తుంది. కొత్తగా వేసే దావాకు అది వర్తించదు. అనారోగ్యం, ప్రయాణం, వరద వంటివి ఎంత నిజమైనా దావా విషయంలో న్యాయమూర్తికి మన్నించే అధికారమే లేదు. సుప్రీం కోర్టు కరోనా కారణంగా 2020 మార్చి 15 నుండి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని గడువుల లెక్క నుండి మినహాయించినది తన ప్రత్యేక అధికారంతోనే గాని ఈ సెక్షన్ కింద కాదు.

== చెల్లు ==

గోదావరి జిల్లాలలో ప్రోనోటు వెనుక "చెల్లు" రాయించుకునే ఆచారం కాలదోషం నుండి తప్పించుకోవడానికి ఏర్పడినదే. పై ఉదాహరణలోని బాకీదారు 2025 జనవరి 20న 5,000 రూపాయలు వడ్డీ కింద చెల్లించి, ప్రోనోటు వెనుక ఆ సంగతి రాసి సంతకం చేసి ఉంటే, కథ వేరుగా ఉండేది. 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లు రోజు నుండి మళ్ళీ కొత్తగా మూడేండ్లు మొదలవుతాయి. దావాకు చివరి రోజు 2028 జనవరి 20 అవుతుంది. మిగిలిన గడువుకు మూడేండ్లు కలపడం కాదు, లెక్క మొదటికి వస్తుంది.

ఇందుకు మూడు షరతులు ఉన్నాయి. సొమ్ము నిజంగా చెల్లించి ఉండాలి. అది గడువు ముగియక ముందే జరిగి ఉండాలి. చెల్లించినట్లు రాసిన రాత చెల్లించినవాని చేతిరాతలో గాని, అతని సంతకంతో గాని ఉండాలి. అప్పు ఇచ్చినవాడు తన పుస్తకంలో తానే "5,000 జమ" అని రాసుకుంటే అది చెల్లదు. దస్తూరీదారు రాసినా ఫరవాలేదు, కింద బాకీదారు సంతకం ఉండాలి. చెక్కు ద్వారా చెల్లించినప్పుడు చెక్కు మీది సంతకమే ఈ షరతును తీరుస్తుందని సుప్రీం కోర్టు చెప్పింది. ఫోను ద్వారా పంపే సొమ్ము బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది గాని, సంతకం షరతు తీరిందా లేదా అన్న వాదనకు అక్కడ తావు ఉంటుంది. కనుక సొమ్ము ఫోనులో వచ్చినా ప్రోనోటు వెనుక చెల్లు రాయించుకోవడమే క్షేమం.

సొమ్ము ఏమీ ఇవ్వకుండా, "నేను మీకు ఫలానా ప్రోనోటు బాకీ ఉన్నాను" అని గడువు లోపల రాసి సంతకం చేసినా చాలు. దీనిని 18వ సెక్షన్ ఒప్పుకోలు అంటుంది. బాకీ మొత్తం ఎంతో రాయకపోయినా, ఇప్పుడు ఇవ్వలేనని రాసినా, ఆ ఉత్తరం అప్పు ఇచ్చినవానికి కాక వేరొకరికి రాసినదైనా అది ఒప్పుకోలే. అప్పు ఇద్దరు కలిసి తీసుకున్నప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఒకడు వేసిన చెల్లు, అతడు రెండవవాని తరఫున అధికారం ఉండి వేసినది కాకపోతే, రెండవవానికి వ్యతిరేకంగా గడువును పొడిగించదు.

కోర్టులో తగవు సాధారణంగా చెల్లు నిజమైనదా కాదా అన్నదాని మీద నడుస్తుంది. మూడేండ్లు నిండడానికి పది పదిహేను రోజుల ముందు తేదీతో, వంద రూపాయలో రెండు వందలో చెల్లినట్లు, ప్రోనోటులో వాడిన సిరాకు పొత్తు లేని సిరాతో, సాక్షులెవరూ లేకుండా ఉన్న చెల్లు మీద అనుమానం రావడం సహజం. బాకీదారు తన సంతకం కాదంటే, చెల్లును రుజువు చేయవలసిన భారం అప్పు ఇచ్చినవానిదే. దస్తూరీదారును, సాక్షిని పిలిపించడం, సంతకాలను నిపుణుని చేత పోల్చి చూపించడం అప్పుడు అవసరమవుతాయి. ప్రోనోటు నిజమైనదే అయి, చెల్లు మాత్రం దొంగదని తేలితే, దావా మొత్తం కాలదోషంతో పోతుంది.

== గడువు దాటిన తరువాత బాకీ ఏమవుతుంది? ==

ఇక్కడ చట్టం చేసిన భేదం సూక్ష్మమైనది. అప్పుల విషయంలో గడువు దాటితే పోయేది దావా వేసే మార్గమే, బాకీ అన్న సంబంధం కాదు. ఈ సూత్రాన్ని సుప్రీం కోర్టు 1957లో బాంబే డైయింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. దీని ఫలితాలు ఆచరణలో కనిపిస్తాయి. గడువు దాటిన తరువాత బాకీదారు తనంతట తాను సొమ్ము చెల్లిస్తే, తరువాత "అది కాలదోషం పట్టిన బాకీ, నా సొమ్ము నాకివ్వండి" అని అడగలేడు. ఒకే వ్యక్తికి రెండు బాకీలు ఉండి, ఏ బాకీకి జమ చేయాలో చెప్పకుండా అతడు సొమ్ము ఇస్తే, అప్పు ఇచ్చినవాడు దానిని కాలదోషం పట్టిన బాకీకి జమ కట్టుకోవచ్చు. తాకట్టు పెట్టుకున్న బంగారం చేతిలో ఉన్నవాడు, దావా గడువు పోయినా, తగిన నోటీసు ఇచ్చి దానిని అమ్ముకునే హక్కును కోల్పోడు.

కాలదోషం పట్టిన బాకీని బ్రతికించే దారి ఒకటి ఉంది. భారత కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ ప్రకారం, అటువంటి బాకీని చెల్లిస్తానని బాకీదారు రాతపూర్వకంగా వాగ్దానం చేసి సంతకం చేస్తే, అది కొత్త ఒప్పందం అవుతుంది. గడువు ముగిసిన తరువాత పాత ప్రోనోటు స్థానంలో కొత్త ప్రోనోటు రాయించుకోవడం ఈ కోవలోనిదే. అయితే గడువు లోపల "బాకీ ఉన్నాను" అన్న ఒప్పుకోలు సరిపోతుంది. గడువు దాటాక ఆ మాట చాలదు, "చెల్లిస్తాను" అన్న వాగ్దానం ఉండాలి. మూడేండ్లు దాటాక పాత ప్రోనోటు వెనుక వేసిన చెల్లు ఎందుకూ కొరగాదు.

== భూముల విషయం ==

స్థిరాస్తి విషయంలో కాలదోషం ఇంకా కఠినమైనది. హక్కు ఆధారంగా భూమి స్వాధీనం కోరే దావాకు 65వ ఆర్టికల్ ప్రకారం గడువు పన్నెండేండ్లు. ఎదుటివాని స్వాధీనం అసలు యజమాని హక్కుకు వ్యతిరేకంగా మారిన రోజు నుండి అది మొదలవుతుంది. ఆ గడువు ముగిస్తే 27వ సెక్షన్ ప్రకారం దావా మార్గంతో పాటు హక్కే నశిస్తుంది. అప్పుకూ భూమికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. అలా హక్కు పొందినవాడు దాని ఆధారంగా తానే వాదిగా దావా వేయవచ్చునని సుప్రీం కోర్టు 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో తీర్పు చెప్పింది.

ఉద్యోగాల కోసం హైదరాబాదుకో విదేశాలకో వెళ్ళినవారు ఊరిలోని పొలం గురించి పడే భయం చాలావరకు ఇదే. అయితే పన్నెండేండ్లు దున్నుకున్నంత మాత్రాన భూమి దున్నినవానిది కాదు. కౌలుదారు, కాపలాదారు యజమాని అనుమతితో ఉన్నవారు. వారి స్వాధీనం ఎన్నేండ్లైనా వ్యతిరేక స్వాధీనం కాదు. అన్నదమ్ములలో ఒకడు ఉమ్మడి భూమిని సాగు చేసుకుంటుంటే, మిగిలినవారి హక్కును బహిరంగంగా కాదన్నప్పుడే లెక్క మొదలవుతుంది. కనుక కౌలు చీటీ, ఏటేటా కౌలు ముట్టిన రసీదు చిన్న కాగితాలే అయినా తగవు వచ్చినప్పుడు అవే నిలబెడతాయి.

స్థలం కొనుగోలు అగ్రిమెంటు రాసుకొని రిజిస్ట్రేషను జరగనప్పుడు మాత్రం పన్నెండేండ్ల లెక్క వర్తించదు. రిజిస్ట్రేషను చేయించమని కోరే దావాకు గడువు మూడేండ్లే. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుండి, లేకపోతే అమ్మకందారు నిరాకరించినట్లు తెలిసిన రోజు నుండి. సొమ్ములో అధికభాగం చెల్లించి, "మన వాళ్ళే కదా" అని ఊరకున్నవారు నష్టపోయేది ఇక్కడే.

== మైనర్లు, వారసులు ==

దావా వేసే హక్కు పుట్టిన నాటికి హక్కుదారు మైనరైతే, అతనికి మైనారిటీ తీరిన తరువాత గడువు లెక్క మొదలవుతుంది. అయితే ఈ మినహాయింపు మైనారిటీ తీరాక మూడేండ్లకు మించదు. గార్డియను అమ్మివేసిన ఆస్తిని రద్దు చేయించుకోవాలన్నా మైనారిటీ తీరిన మూడేండ్ల లోపలే, అంటే మామూలుగా ఇరవై ఒకటవ ఏడు నిండేలోగా దావా వేయాలి.

ఒకసారి మొదలైన కాలం మాత్రం ఆగదు (9వ సెక్షన్). అప్పు ఇచ్చినాయన ప్రోనోటు రాయించుకున్న ఏడాదికి చనిపోయి, పదేండ్ల కొడుకు మిగిలితే, ఆ కొడుకు మైనరు అయినందువలన గడువు ఆగదు. తల్లి అతని తరఫున మిగిలిన రెండేండ్లలోనే దావా వేయాలి. బాకీదారు చనిపోయినా అంతే, అతని వారసుల మీద అదే గడువులో దావా వేయాలి. భర్త పోయిన ఇంట్లో బీరువాలోని ప్రోనోట్లు ఏడాదో రెండేండ్లో గడిచాక బయటపడడం అరుదైన సంగతి కాదు.

== ప్రభుత్వం, అప్పీళ్లు ==

ప్రభుత్వం వేసే దావాలకు గడువు ముప్పై ఏండ్లు. కాని అప్పీళ్ల విషయంలో ప్రభుత్వానికి ప్రత్యేకమైన గడువు లేదు, ఆలస్యమైతే అందరిలాగే 5వ సెక్షన్ కింద కారణం చూపాలి. లంకా వెంకటేశ్వర్లు కేసు దీనికి తెలుగునాట నుండి వచ్చిన ప్రసిద్ధమైన ఉదాహరణ. హైకోర్టులో రాష్ట్ర ప్రభుత్వ అప్పీలు నడుస్తుండగా ప్రతివాది మరణించాడు. అతని వారసులను రికార్డులోకి తేవడంలో 3,703 రోజులు, అప్పీలు కొట్టివేత ఉత్తర్వును రద్దు చేయమని కోరడంలో 883 రోజులు ఆలస్యం జరిగింది. హైకోర్టు ప్రభుత్వ న్యాయవాదుల నిర్లక్ష్యాన్ని తీవ్రంగా విమర్శిస్తూనే ఆలస్యాన్ని మన్నించింది. సుప్రీం కోర్టు 2011 ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఉదారంగా చూడాలన్న పేరుతో కాలపరిమితి చట్టాన్నే పక్కన పెట్టరాదన్నది ఆ తీర్పు సారాంశం. హైకోర్టు తానే తప్పుపట్టిన నిర్లక్ష్యాన్ని తానే మన్నించడం ఈ కేసులోని విచిత్రం.

== డిక్రీ తరువాత ==

దావా గెలిచినంత మాత్రాన గడువుల బెడద తీరిపోదు. డిక్రీని అమలు చేయించుకోవడానికి 136వ ఆర్టికల్ పన్నెండేండ్ల గడువు ఇస్తుంది. ఈ లోగా అమలు పిటిషను వేయకపోతే, గెలిచిన డిక్రీకి కూడా కాలదోషం పడుతుంది. సొమ్ము డిక్రీ పొంది, బాకీదారుకు ఆస్తి కలిసివచ్చినప్పుడు చూద్దామని కాగితాన్ని దాచుకొనేవారు ఈ సంవత్సరాలను లెక్కపెట్టుకోవలసి ఉంటుంది. శాశ్వత ఇంజంక్షన్ డిక్రీకి మాత్రం అమలు గడువు లేదు. దానిని ఎప్పుడు ఉల్లంఘించినా అమలు కోరవచ్చు.